పంపిన ఇన్‌వాయిస్‌ను దిద్దకుండా క్రెడిట్ నోట్‌తో సరిచేయడం ఎలా?

ఇన్‌వాయిస్ పంపేశాక తప్పు కనిపించింది. పన్నెండు కుర్చీలకు బిల్లు వేశారు, నిజానికి వెళ్ళినవి పది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇన్‌వాయిస్ తెరిస్తే ‘సవరించు’ అనే మీట ఎదురుగానే ఉంది. 12 ఉన్నచోట 10 వేసి సేవ్ చేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది.

ఈ పని మొదట్లో నేనూ చేశాను. రెండు నెలల తర్వాత కొనుగోలుదారు తరఫు అకౌంటెంటు ఫోన్ చేసి, మా ఇద్దరి లెక్కలూ కలవడం లేదన్నాడు. ఆయన చేతిలో ఉన్న కాగితం మీద ఒక మొత్తం ఉంది, నా తెర మీద మరో మొత్తం ఉంది. ఇన్‌వాయిస్ నంబరు అదే, తేదీ అదే. నేను దిద్దిన సంగతి నాకే గుర్తు లేదు. దిద్దినట్లు ఎక్కడా ఆనవాలు లేదు కాబట్టి గుర్తు చేసుకునే దారీ లేదు. ఆయన కాగితాన్నే నేను అనుమానించాను. మూడు రోజుల తర్వాత పాత ఈ-మెయిల్‌లో నేను పంపిన అసలు ప్రతి దొరికినప్పుడు తప్పు నాదేనని తేలింది.

క్రెడిట్ నోట్ ఎందుకు పుట్టిందో ఆ మూడు రోజుల్లో బాగా అర్థమైంది.

ముందు గ్రహించాల్సింది: ఆ కాగితం ఇప్పుడు మీ ఒక్కరిదీ కాదు

ఇన్‌వాయిస్ పంపిన క్షణం నుంచి అది రెండు చోట్ల ఉంటుంది. మీ పుస్తకాల్లో అది అమ్మకం, కొనుగోలుదారు పుస్తకాల్లో కొనుగోలు. అందులోని పన్నును మీరు ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీగా రాసుకుంటారు. కొనుగోలుదారుకు ఆ హక్కు ఉంటే అదే పన్నును తాను కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకుంటాడు. మీ కంప్యూటర్‌లో అంకె మారిస్తే మారేది మీ ప్రతి మాత్రమే. అవతలి ప్రతి అలాగే ఉంటుంది.

తొలగిస్తే ఇంకా కష్టం. ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా నడుస్తాయి. 146 తర్వాత 148 కనిపిస్తే తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది 147 ఏమైందనే. పన్ను ఎగవేతకు అమ్మకాన్ని దాచేసినప్పుడు కనిపించేది కూడా అచ్చం ఇలాంటి ఖాళీయే. మీరు నిజాయితీగా ఒక పొరపాటును చెరిపేసినా ఆ ఖాళీ చూసేవారికి తేడా తెలియదు.

చేతిరాత పద్దుల కాలంలో దీనికి ఒక పద్ధతి ఉండేది. సిరాతో రాసినదాన్ని గీకకూడదు. తప్పు పద్దును అలాగే ఉంచి, దానికి ఎదురు పద్దు రాసేవారు. తప్పూ కనిపిస్తుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది, రెండూ కలిపితే సరైన లెక్క వస్తుంది. క్రెడిట్ నోట్ అంటే ఆ ఎదురు పద్దే. కాకపోతే అది అవతలివారికి కూడా పంపే పత్రం రూపంలో ఉంటుంది, కాబట్టి రెండు పుస్తకాలూ ఒకేలా మారతాయి. ఐరోపా సమాఖ్య 2006 నాటి వ్యాట్ ఆదేశం 219వ అధికరణంలో ఈ ఆలోచనే చట్టంగా ఉంది: మొదటి ఇన్‌వాయిస్‌ను స్పష్టంగా, అనుమానానికి తావు లేకుండా పేర్కొంటూ దాన్ని సవరించే ఏ పత్రాన్నైనా ఇన్‌వాయిస్‌తో సమానంగానే చూడాలి.

పేరులోని ‘క్రెడిట్’ చాలామందిని తికమక పెడుతుంది. ఇక్కడ క్రెడిట్ అంటే అప్పు కాదు, జమ. అమ్మినవారి పుస్తకంలో కొనుగోలుదారు ఖాతాకు జమ పడుతుంది, అంటే అతను మనకు ఇవ్వాల్సిన బాకీ ఆ మేరకు తగ్గుతుంది.

మొదటి అడుగు: నిజంగా పంపామా, ఇంకా చిత్తుప్రతేనా?

చిత్తుప్రతిని ఎంతైనా దిద్దవచ్చు. గీత ఎక్కడ పడుతుందన్నదే ప్రశ్న. చాలా సాఫ్ట్‌వేర్లు ఇన్‌వాయిస్‌ను ఖరారు చేసినప్పుడే వరుస నంబరు ఇస్తాయి. నంబరు పడి, పద్దు పుస్తకాల్లోకి ఎక్కితే అది జారీ అయినట్లే. ఈ-మెయిల్ ఇంకా వెళ్ళలేదు కదా అని దిద్దబోతారు కొందరు. అప్పటికి అవతలి ప్రతి లేదు నిజమే, కానీ నంబరు ఖర్చయిపోయింది, పద్దు పడింది. నా అలవాటు ఏమిటంటే, నంబరు పడ్డాక ఇక ముట్టుకోను.

కొన్ని దేశాల్లో ఇన్‌వాయిస్‌ను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. అక్కడ కొద్ది సమయం వరకు రద్దు చేసే వీలు ఇస్తారు. ఆ గడువులో ఉంటే, తప్పు కూడా మొత్తం పత్రానికి సంబంధించినదైతే రద్దు సరైన దారే. అయితే రద్దు వేరు, తొలగింపు వేరు. రద్దైన ఇన్‌వాయిస్ తన నంబరుతో, ‘రద్దైంది’ అనే ముద్రతో జాబితాలో ఉంటుంది. గడువు దాటాక మిగిలేది క్రెడిట్ నోటే.

రెండో అడుగు: ఎంత వెనక్కి తీయాలి?

ఇక్కడ ఆగి ఆలోచించడం మంచిది. తర్వాతి గందరగోళాల్లో సగం ఈ నిర్ణయం తొందరగా తీసుకోవడం వల్ల వచ్చేవే.

తప్పు ఒక వరుసలోని పరిమాణంలోనో ధరలోనో ఉండి, బిల్లు ఎక్కువ పడి ఉంటే, ఆ ఎక్కువకు మాత్రమే క్రెడిట్ నోట్ ఇస్తాం. ఇది పాక్షికం. అసలు ఇన్‌వాయిస్ బతికే ఉంటుంది, దాని బాకీ తగ్గుతుంది.

కొనుగోలుదారు పేరు తప్పు, వేరే సంస్థకు బిల్లు వేశాం, పన్ను నమోదు నంబరు తప్పు, పన్ను రేటే తప్పు, ఇలాంటప్పుడు తేడాకు మాత్రమే నోట్ ఇచ్చి ప్రయోజనం లేదు. పత్రం పునాదే తప్పింది. మొత్తం ఇన్‌వాయిస్‌కు సమానమైన క్రెడిట్ నోట్ ఇచ్చి దాన్ని సున్నా చేయాలి, ఆ తర్వాత కొత్త నంబరుతో సరైన ఇన్‌వాయిస్ వేయాలి. పాత నంబరునే మళ్ళీ వాడాలన్న కోరిక కలుగుతుంది, వాడకండి. చిరునామాలో ఒక అక్షరం తప్పు పడటం వంటి చిన్నవాటికి మాత్రం కొన్ని చట్టాలు సవరణ లేఖతో సరిపెడతాయి. అంకెలు మారవు కాబట్టి అక్కడ క్రెడిట్ నోట్ అవసరం లేదు.

బిల్లు తక్కువ పడితే? అప్పుడు క్రెడిట్ నోట్ పనికిరాదు. దానికి బాకీని పెంచే పత్రమైన డెబిట్ నోట్ గానీ, తేడాకు అదనపు ఇన్‌వాయిస్ గానీ వేస్తారు.

ఇక క్రెడిట్ నోట్ ఇవ్వకూడని సందర్భం ఒకటుంది, దీన్ని తరచూ చూస్తుంటాను. కొనుగోలుదారు డబ్బు కట్టడం లేదు, ఇక రాదని తేలింది, బాకీ జాబితా శుభ్రంగా కనిపించాలని క్రెడిట్ నోట్ వేసేస్తారు. ఆ ఇన్‌వాయిస్‌లో తప్పేమీ లేదు. సరుకు వెళ్ళింది, ధర సరైనదే. క్రెడిట్ నోట్ ఇస్తే ‘మీరు మాకేమీ బాకీ లేరు’ అని మీరే రాసి ఇచ్చినట్లు. తర్వాత వసూలుకు వెళ్ళాలన్నా చేతిలో ఆధారం ఉండదు. రాని బాకీకి వేరే పద్దు ఉంది, దాన్ని మీ పుస్తకాల్లోనే రాసుకోవాలి. అవతలివారికి పత్రం వెళ్ళదు.

మూడో అడుగు: లెక్క కట్టడం

ఇప్పుడు ఆ కుర్చీల ఇన్‌వాయిస్‌ను పూర్తిగా చూద్దాం. నంబరు `INV-0147`, తేదీ మార్చి 28.

కుర్చీలు 12, ఒక్కొక్కటి 250 చొప్పున 3,000. బల్లలు 4, ఒక్కొక్కటి 600 చొప్పున 2,400. రెండూ కలిపి 5,400. బిల్లు మొత్తం మీద 5 శాతం రాయితీ ఇచ్చారు, అది 270. పన్ను వేయాల్సిన విలువ 5,130. పన్ను 10 శాతం, అంటే 513. మొత్తం 5,643.

వెళ్ళింది పది కుర్చీలే కాబట్టి రెండు కుర్చీల డబ్బు వెనక్కి తీయాలి. చాలామంది వేసే లెక్క ఇది: రెండు కుర్చీలు 500, దానిపై పన్ను 50, క్రెడిట్ నోట్ 550. చూడటానికి సరిగానే ఉంది, కానీ తప్పు. ఆ రెండు కుర్చీలకు కొనుగోలుదారుపై 500 పడనే లేదు. రాయితీ పోగా పడింది 475. కాబట్టి క్రెడిట్ నోట్ లెక్క ఇలా ఉండాలి: 500లోంచి 5 శాతం రాయితీ 25 తీసేస్తే 475, దానిపై పన్ను 47.50, మొత్తం 522.50. వేయని డబ్బును జమ చేయడం కుదరదు.

సరిచూసుకునే మార్గం సులువు. మొదటినుంచీ ఇన్‌వాయిస్ సరిగ్గా వేసి ఉంటే ఎంత వచ్చేదో లెక్క కట్టండి. పది కుర్చీలు 2,500, బల్లలు 2,400, కలిపి 4,900. రాయితీ 245 పోగా 4,655. పన్ను 465.50. మొత్తం 5,120.50. ఇప్పుడు అసలు ఇన్‌వాయిస్ 5,643లోంచి క్రెడిట్ నోట్ 522.50 తీసేయండి. అదే 5,120.50 వస్తుంది. ఈ రెండూ కలవకపోతే క్రెడిట్ నోట్ పంపకండి. 550 వేసినవారికి 5,093 మిగులుతుంది, 27.50 తేడా అక్కడే బయటపడుతుంది.

ఒక చిక్కు మాత్రం లెక్కతో తేలదు. ఆ 5 శాతం రాయితీ 5,000 దాటిన బిల్లులకే ఇస్తామని ఒప్పందంలో ఉందనుకోండి. సరైన బిల్లు 4,900 అయ్యేసరికి రాయితీకి అర్హతే పోయింది! అప్పుడేం చేయాలన్నది ఒప్పందం చెప్పాలి. రెండు కుర్చీలు తక్కువ పంపింది మీరైతే, రాయితీ వెనక్కి తీసుకుంటామని అడగడం నాకు సబబుగా తోచదు. ఏదేమైనా క్రెడిట్ నోట్ వేయకముందే మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

పన్ను రేటు విషయంలో ఇంకో జాగ్రత్త. మార్చిలో రేటు 10 శాతం ఉండి, ఏప్రిల్‌లో 12కు పెరిగితే ఏప్రిల్‌లో ఇచ్చే క్రెడిట్ నోట్‌లో ఏ రేటు వేయాలి? వెనక్కి తీస్తున్నది మార్చిలో వేసిన పన్నును. కాబట్టి ఇన్‌వాయిస్‌లో ఉన్న రేటే. సాఫ్ట్‌వేర్ ఈనాటి రేటును తనంతట తానే నింపేస్తుంది, గమనించకపోతే మీరు వసూలు చేయని పన్నును కూడా వాపసు చేస్తారు. విదేశీ కరెన్సీలో వేసిన ఇన్‌వాయిస్‌ల విషయంలో కూడా సాధారణంగా అసలు ఇన్‌వాయిస్ నాటి మారకం రేటునే వాడతారు. లేదంటే సున్నా కావాల్సిన చోట చిన్న లాభమో నష్టమో తేలుతుంది.

పన్నును వరుసవారీగా గుండ్రం చేశారా, మొత్తం మీద ఒకసారే చేశారా అన్నది కూడా అసలు ఇన్‌వాయిస్‌ను బట్టే ఉండాలి. మొత్తం వెనక్కి తీసే నోట్‌లో ఒక పైసా మిగిలి ఆ ఇన్‌వాయిస్ ఎప్పటికీ మూసుకోకుండా వేలాడటానికి కారణం సాధారణంగా ఇదే.

నాలుగో అడుగు: పత్రం రాయడం

క్రెడిట్ నోట్ చూడటానికి ఇన్‌వాయిస్‌లాగే ఉంటుంది: ఇద్దరి పేర్లు, పన్ను నమోదు నంబర్లు, వరుసలు, పన్ను, మొత్తం. తేడా మూడు చోట్ల.

పైన ‘క్రెడిట్ నోట్’ అని స్పష్టంగా ఉండాలి. దానికి తన సొంత వరుస నంబరు ఉండాలి, మన ఉదాహరణలో `CN-0031`. చాలాచోట్ల క్రెడిట్ నోట్లకు వేరే వరుస నడుపుతారు. ఇన్‌వాయిస్‌ల వరుసలోనే కలపడం అన్నిచోట్లా తప్పు కాదు గానీ, వేరుగా ఉంటే వెతకడం తేలిక.

అన్నిటికంటే ముఖ్యమైనది మూలం ప్రస్తావన: ఏ ఇన్‌వాయిస్‌ను సరిచేస్తున్నామో దాని నంబరు, తేదీ. ఇది లేని క్రెడిట్ నోట్ గాలిలో వేలాడే జమ. ఆరు నెలల తర్వాత అది దేనికి ఇచ్చారో మీకూ తెలియదు, అవతలివారికీ తెలియదు.

కారణం రాసేటప్పుడు ‘సవరణ’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ‘`INV-0147`లో కుర్చీలు 12గా పడ్డాయి, పంపినవి 10. రెండు కుర్చీల తేడా’ అని రాస్తే చదివినవారు మళ్ళీ ఫోన్ చేయాల్సిన పని ఉండదు.

తేదీ విషయంలో గట్టిగా ఉండాలి. తప్పు మార్చి ఇన్‌వాయిస్‌లో ఉన్నా, క్రెడిట్ నోట్ తేదీ మీరు దాన్ని జారీ చేసే రోజే, ఏప్రిల్ 6 అయితే ఏప్రిల్ 6. మార్చి లెక్కలు అప్పటికే మూసి, పన్ను రిటర్ను కూడా వేసి ఉంటారు. వెనక తేదీ వేస్తే మూసిన నెల అంకెలు మారి, సమర్పించిన రిటర్నుతో పొసగవు. ఏప్రిల్ తేదీతో వేస్తే మార్చి అలాగే ఉంటుంది, ఏప్రిల్‌లో కట్టాల్సిన పన్నులో 47.50 తగ్గుతుంది. ఇలా పన్ను తగ్గించుకోవడానికి చాలా చట్టాలు గడువు పెడతాయి, కొనుగోలుదారు కూడా తన పన్ను మినహాయింపును ఆ మేరకు వెనక్కి తీసుకోవాలని షరతు పెడతాయి. మీ దేశపు నిబంధన ముందే చూసుకోండి. గడువు దాటిన తర్వాత సరుకు డబ్బు వెనక్కి ఇవ్వవచ్చు గానీ, పన్ను మీ నెత్తినే పడవచ్చు.

ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్‌లు పంపేవారికి ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఐరోపా ప్రమాణం `EN 16931`లో పత్రం రకాన్ని అంకెతో చెబుతారు: మామూలు ఇన్‌వాయిస్‌కు 380, క్రెడిట్ నోట్‌కు 381. వ్యాపార పత్రాలను ఎక్స్‌ఎంఎల్‌లో రాసే యూబీఎల్ అనే రూపంలో మన క్రెడిట్ నోట్‌లోని కీలక భాగం ఇలా ఉంటుంది:

```xml
<cbc:CreditNoteTypeCode>381</cbc:CreditNoteTypeCode>
<cac:BillingReference>
  <cac:InvoiceDocumentReference>
    <cbc:ID>INV-0147</cbc:ID>
    <cbc:IssueDate>2025-03-28</cbc:IssueDate>
  </cac:InvoiceDocumentReference>
</cac:BillingReference>
```

381 అన్నప్పుడే ఇది తగ్గింపు అని అర్థం. కాబట్టి లోపలి మొత్తాలు మామూలుగానే, ధన సంఖ్యలుగా రాయాలి: 475, 47.50, 522.50. ‘క్రెడిట్ కదా’ అని ముందు మైనస్ గుర్తు కూడా పెడితే, తగ్గింపులో తగ్గింపు అయి అవతలి సాఫ్ట్‌వేర్‌లో బాకీ పెరుగుతుంది. కొనుగోలుదారు బాకీ తగ్గాల్సింది పోయి సరిగ్గా 522.50 పెరిగి కనిపిస్తే వెతకాల్సింది ఈ మైనస్‌నే.

ఐదో అడుగు: పుస్తకాల్లో పద్దు

అసలు ఇన్‌వాయిస్ వేసినప్పుడు కొనుగోలుదారు ఖాతాకు 5,643 డెబిట్ అయింది. దానికి ఎదురుగా అమ్మకాలకు 5,130, పన్ను బాకీకి 513 క్రెడిట్ అయ్యాయి. క్రెడిట్ నోట్ దీన్నే తిరగేస్తుంది. అమ్మకాల తగ్గింపు ఖాతాకు 475, పన్ను బాకీకి 47.50 డెబిట్, కొనుగోలుదారు ఖాతాకు 522.50 క్రెడిట్.

475ను నేరుగా అమ్మకాల ఖాతాలోనే తీసేయవచ్చు. కానీ వేరే ఖాతాలో పెడితే ఒక సౌకర్యం ఉంది: ఏడాదిలో ఎంత మొత్తం ఇలా వెనక్కి పోయిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ ఖాతా నెలనెలా పెరుగుతోందంటే బిల్లులు వేసేచోటో, సరుకు కట్టేచోటో ఏదో సరిగా లేదు.

సరుకు లెక్క సంగతి ఈ పద్దుల్లో కనిపించదు, అందుకే మరిచిపోతారు. క్రెడిట్ నోట్ వేసేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు ‘స్టాకుకు తిరిగి చేర్చాలా’ అని అడుగుతాయి, కొన్ని అడగకుండానే చేర్చేస్తాయి. మన ఉదాహరణలో ఇన్‌వాయిస్ పన్నెండు కుర్చీలను స్టాకులోంచి తీసేసింది, గిడ్డంగి నుంచి వెళ్ళినవి పది. కాబట్టి రెండు తిరిగి చేర్చాలి. అదే కుర్చీ ధర తప్పు పడి క్రెడిట్ నోట్ ఇస్తుంటే ఒక్క కుర్చీ కూడా కదలలేదు, చేర్చకూడదు. కొనుగోలుదారు తిప్పి పంపిన సరుకు విరిగిపోయి ఉంటే డబ్బు జమ చేయాలి గానీ అమ్మదగిన స్టాకులో చేర్చకూడదు. తెర మీద రెండు కుర్చీలు ఎక్కువ, గిడ్డంగిలో లేవు అనే పరిస్థితి వస్తే ఇటీవలి క్రెడిట్ నోట్లు తీసి, ధర సవరణకు ఇచ్చినవాటిలో స్టాకు కదిలిందేమో చూడండి.

ఆరో అడుగు: ఇన్‌వాయిస్‌కు జత చేయడం

క్రెడిట్ నోట్ వేశాం, పద్దు పడింది, పని అయిపోయిందనుకుంటారు. ఇంకొకటి ఉంది. నోట్ మీద ఇన్‌వాయిస్ నంబరు రాయడం వేరు, బాకీల లెక్కలో ఆ నోట్‌ను ఆ ఇన్‌వాయిస్‌కు సర్దడం వేరు.

సర్దకపోతే ఏమవుతుంది? కొనుగోలుదారు ఖాతా మొత్తం నిల్వ సరిగ్గానే ఉంటుంది. కానీ విడివిడిగా చూస్తే `INV-0147` ఇంకా 5,643 బాకీ చూపిస్తుంది, పక్కన 522.50 జమ ఒంటరిగా కూర్చుని ఉంటుంది. కొనుగోలుదారు 5,120.50 కట్టేస్తాడు. అతని దృష్టిలో లెక్క ముగిసింది. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇన్‌వాయిస్‌పై 522.50 ఇంకా రావాలంటూ నెల తర్వాత తనంతట తానే గుర్తు చేసే లేఖ పంపుతుంది. తప్పు మనదై, సరిచేశామని చెప్పి, మళ్ళీ అదే డబ్బు అడగడం కంటే ఇబ్బందికరమైనది ఇంకేముంటుంది?

కొనుగోలుదారు ముందే కొంత కట్టి ఉంటే లెక్క ఇలా నడుస్తుంది. 3,000 కట్టాడనుకుందాం, మిగిలింది 2,643. క్రెడిట్ నోట్ సర్దాక 2,120.50. ఇందులో చిక్కు లేదు.

మొత్తం 5,643 కట్టేసి ఉంటే? అప్పుడు క్రెడిట్ నోట్‌ను సర్దడానికి ఇన్‌వాయిస్‌పై బాకీ లేదు. 522.50 అతని ఖాతాలో జమగా మిగులుతుంది. క్రెడిట్ నోట్ ఇవ్వడం అంటే డబ్బు వాపసు ఇచ్చినట్లు కాదు, ఇవ్వాల్సి ఉందని ఒప్పుకున్నట్లు మాత్రమే. తర్వాతి ఇన్‌వాయిస్‌లో సర్దుకుంటారో, బ్యాంకు ద్వారా వెనక్కి పంపమంటారో అతన్నే అడగండి. వెనక్కి పంపితే ఆ చెల్లింపును క్రెడిట్ నోట్‌కు జత చేయాలి. అలా చేయకపోతే డబ్బు వెళ్ళిపోయినా జమ అలాగే కనిపిస్తుంది, ఎవరో ఒకరు దాన్ని తర్వాతి ఇన్‌వాయిస్‌లో మళ్ళీ సర్దేస్తారు. ఒకే 522.50ను రెండుసార్లు ఇచ్చేసినట్లవుతుంది.

క్రెడిట్ నోటే తప్పయితే

ఒక ఇన్‌వాయిస్‌కు ఎన్ని క్రెడిట్ నోట్లైనా ఇవ్వవచ్చు, కానీ అన్నీ కలిపి అసలు మొత్తాన్ని దాటకూడదు. వరుసవారీగా కూడా దాటకూడదు: పన్నెండు కుర్చీల వరుసకు మొదట రెండు, తర్వాత పది వెనక్కి తీశారంటే ఆ వరుస అయిపోయింది. ఇంకొకటి తీయబోతే సాఫ్ట్‌వేర్ ఆపాలి. చేత్తో వేసేవారు ప్రతిసారీ పాత నోట్లు తీసి కూడుకోవాలి. ఇద్దరు వేర్వేరు ఉద్యోగులు ఒకే ఫిర్యాదుకు ఒక్కో నోట్ వేయడం నేను చూసినవాటిలో అతి సాధారణమైన తప్పు. ఒకరు ఈ-మెయిల్ చూసి వేస్తారు, మరొకరు ఫోన్ కాల్ విని వేస్తారు. వేసేముందు ఆ ఇన్‌వాయిస్‌కు ఇప్పటికే జత అయినవి ఏమున్నాయో చూస్తే ఇది జరగదు.

అయినా జరిగింది, 522.50 బదులు 550 నోట్ వెళ్ళిపోయింది అనుకుందాం. ఇప్పుడు క్రెడిట్ నోట్‌ను తెరిచి దిద్దాలనిపిస్తుంది. ఇన్‌వాయిస్‌కు చెప్పిన కారణాలే దీనికీ వర్తిస్తాయి: దీనికీ నంబరు ఉంది, దీని ప్రతి కూడా అవతలివారి పుస్తకాల్లో ఎక్కింది. ఎక్కువ ఇచ్చింది 27.50, అందులో సరుకు విలువ 25, పన్ను 2.50. ఆ తేడాకు డెబిట్ నోట్ గానీ, మీ చట్టం అడిగే రూపంలో అదనపు ఇన్‌వాయిస్ గానీ వేసి, అందులో `INV-0147`, `CN-0031` రెండింటి నంబర్లూ రాయాలి. అప్పుడు 5,643లోంచి 550 పోయి, 27.50 చేరి, మళ్ళీ 5,120.50 దగ్గరికే వస్తుంది. మూడు కాగితాలూ వరుసగా పెట్టి చూస్తే ఏ రోజు ఏ తప్పు జరిగిందో, ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.